‘వాళ్ళది ఆరు గంటలే’: పోటీ ల్యాప్‌టాప్ గురించి ఒక క్యాప్షన్ రాయాల్సి వస్తే

ల్యాప్‌టాప్‌లు అమ్మే మిత్రుడొకడు ఆ మధ్య నాకు ఒక క్యాప్షన్ పంపాడు. రెండు ల్యాప్‌టాప్‌ల బొమ్మలు పక్కపక్కన పెట్టి, కింద ఇలా రాశాడు: “మాది 12 గంటలు. వాళ్ళది 6 గంటలే! ఇక మీ ఇష్టం.” వాడు నన్ను అడిగిన సాయం చిన్నది. “కొంచెం మర్యాదగా మార్చి ఇవ్వు. ఎదుటివాళ్ళను తిట్టినట్టు ఉండకూడదు, అంతే.”

ప్రకటనల రాతలు నాకు అలవాటే కాబట్టి ఐదు నిమిషాల పని అనుకున్నాను. ఆశ్చర్యార్థకం తీసేశాను. ‘గంటలే’ని ‘గంటలు’ చేశాను. ‘వాళ్ళది’ బదులు ‘వారిది’ అన్నాను. ‘ఇక మీ ఇష్టం’లో కొంత ఎత్తిపొడుపు వినిపించింది కాబట్టి అదీ కొట్టేశాను. మిగిలింది చూస్తే: “మాది 12 గంటలు. వారిది 6 గంటలు.” ఒక్క పరుషమైన మాట లేదు. అయినా పంపడానికి చేయి రాలేదు. ఆ రెండు అంకెలూ ఎక్కడివో నాకు తెలియదు.

అడిగితే చెప్పాడు. 12 గంటలు తయారీదారు ఇచ్చిన వివరాల పత్రంలోనిది. 6 గంటలు ఎవరో సమీక్షకుడు పోటీ ల్యాప్‌టాప్ గురించి రాసిన సమీక్షలోనిది. రెండూ అచ్చులో ఉన్నవే, రెండూ వాడు కల్పించినవి కావు. ఆ మాట వాడు రెండు మూడుసార్లు అన్నాడు. తప్పు చేయలేదన్న నమ్మకం వాడి గొంతులో నిజంగానే ఉంది. నా అభిప్రాయం మొదలైంది అక్కడే. పోటీదారును కించపరచడం తిట్టులో ఉంటుందని మనం అనుకుంటాం. ల్యాప్‌టాప్‌ల విషయంలో అది ఎక్కువగా కొలతలో ఉంటుంది. మాటను ఎంత తోమినా కొలత వంకర పోదు.

రెండు అంకెలు, రెండు వేర్వేరు పరీక్షలు

పత్రంలో 12 గంటల పక్కన చిన్న అక్షరాల్లో షరతు ఉంది: యంత్రంలోనే దాచిన వీడియోను ఆపకుండా ఆడించడం, తెర వెలుగు 150 నిట్లు, వై-ఫై ఆపి ఉంచడం. బ్యాటరీ గంటలు బాగా పెరిగి కనిపించే పరీక్ష ఇది. వీడియోను విప్పి చూపించే పనికి చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. ప్రాసెసర్‌లోని మిగతా భాగాలు దాదాపు నిద్రలోనే ఉంటాయి. తెర వెలుగు తక్కువ, వై-ఫై రేడియో పనిచేయడం లేదు. కరెంటు ఖర్చు కనిష్ఠానికి దగ్గరగా వస్తుంది.

సమీక్షకుడి 6 గంటలు వీడియో సమావేశానివి. కెమెరా నడవాలి, మైకు నడవాలి, మన బొమ్మను కుదించి పంపాలి, అవతలివాళ్ళ బొమ్మలను విప్పాలి, వై-ఫై రెండు వైపులా పనిచేయాలి. తెర వెలుగు కూడా ఎక్కువ పెట్టారు. ఏ ల్యాప్‌టాప్‌నైనా త్వరగా అలసిపోయేలా చేసే పని అది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం అంటే ఒకడు పల్లానికి నడిచిన దూరాన్నీ, ఇంకొకడు బరువు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కిన దూరాన్నీ పోల్చడమే. విడివిడిగా రెండు అంకెలూ నిజం. పక్కపక్కన చేర్చగానే అవి చెప్పే మూడో మాట, అంటే ‘మాది రెండింతలు’ అన్నది, అబద్ధం. క్యాప్షన్ చదివేవాడికి చేరేది ఆ మూడో మాటే.

మేము కొలిచిన తీరు

వాడి దగ్గర పోటీ ల్యాప్‌టాప్ లేదు. తెలిసినవాళ్ళ దగ్గర అదే మోడల్ ఉంటే అరువు తెచ్చాడు. ఒకే వెబ్ పేజీల వరుసను వై-ఫై మీద మళ్ళీ మళ్ళీ తెరిచే చిన్న ప్రోగ్రామును రెండింటిలో పెట్టాం. రోజూ బ్రౌజర్‌లో చేసే పనికి అది దగ్గరగా ఉంటుందని.

మొదటి పొరపాటు నాదే. రెండింటిలో వెలుగు మీటను సగానికి పెట్టమన్నాను. సగం అంటే సగమే కదా అనుకున్నాను. కానీ వాడి ల్యాప్‌టాప్ తెర గరిష్ఠ వెలుగు 300 నిట్లు, పోటీదానిది 500. ఒకే గదిలో పక్కపక్కన పెట్టి తెల్ల పేజీ తెరిచి చూస్తే కంటికే తెలిసిపోయింది. పోటీ తెర స్పష్టంగా ఎక్కువ వెలుగుతోంది, అంటే ఎక్కువ కరెంటు తింటోంది. మామూలు బ్రౌజింగ్‌లో ఖర్చయ్యే కరెంటులో తెరదే పెద్ద వాటా. అలా కొలిస్తే మంచి తెర ఉన్న పాపానికి ఆ ల్యాప్‌టాప్‌కు శిక్ష పడేది. తెర రంగులను సరిచూసే చిన్న పరికరం ఒకటి తెచ్చి, రెండు తెరలనూ 200 నిట్ల దగ్గర నిలిపాం. గది వెలుతురును బట్టి తెర తనంతట తాను మారే పద్ధతిని ఆపాం. బ్యాటరీ తగ్గాక ఆన్ అయ్యే పొదుపు పద్ధతిని కూడా ఆపాం, ఎందుకంటే అది మధ్యలో తెరను మసకబారుస్తుంది.

మొదటి ఫలితం: వాడిది 8 గంటల 10 నిమిషాలు, పోటీది 8 గంటల 5 నిమిషాలు. వాడి ముఖం వెలిగింది. “ఐదు నిమిషాలైనా మనదే పైచేయి. అదే రాద్దాం.”

అదే కొలతను ఇంకో రెండుసార్లు చేయమన్నాను. ఒకే యంత్రం ఒకసారికీ ఇంకోసారికీ 12 నిమిషాల దాకా తేడా చూపించింది. తనతో తనకే 12 నిమిషాలు తేడా వచ్చే చోట ఇద్దరి మధ్య ఐదు నిమిషాలను గెలుపని ఎలా అంటాం? ‘సమానం’ అని మాత్రమే అనగలం.

ఆ సమానం కూడా నిలవలేదు. పోటీ ల్యాప్‌టాప్ బ్యాటరీ 70 వాట్-అవర్లు, వాడిది 54. అంత పెద్ద బ్యాటరీ ఉండి ఇద్దరూ ఒకేచోట ఆగడం నాకు మింగుడు పడలేదు. విండోస్‌లో బ్యాటరీ నివేదిక ఇచ్చే కమాండ్ ఒకటి ఉంది, రెండింటిలోనూ నడిపాం:

```
powercfg /batteryreport
```

ఇది ఒక పేజీని తయారు చేస్తుంది. అందులో DESIGN CAPACITY అంటే కొత్తప్పుడు ఉండాల్సిన శక్తి, FULL CHARGE CAPACITY అంటే ఇప్పుడు నిండా ఎక్కిస్తే పట్టే శక్తి. వాడిది కొత్త పెట్టె, రెండూ దాదాపు ఒకటే. అరువు తెచ్చినదానిలో మొదటిది 70,000, రెండోది 60,600 మిల్లీవాట్-అవర్లు. ఎంతో కాలంగా వాడుతున్న యంత్రం అది. బ్యాటరీలో దాదాపు ఏడో వంతు అరిగిపోయింది. మేము కొత్త ల్యాప్‌టాప్‌నూ పాత ల్యాప్‌టాప్‌నూ పోల్చాం.

లెక్క వేస్తే విషయం తేలింది. 60.6 వాట్-అవర్లు 8 గంటల 5 నిమిషాల్లో అయిపోయాయంటే గంటకు సగటున 7.5 వాట్-అవర్లు. అదే ఖర్చుతో నిండు 70 వాట్-అవర్లు ఉంటే 9 గంటల 20 నిమిషాలు రావాలి. లెక్కను నమ్మి ఊరుకోకుండా కొత్తది ఒకటి సంపాదించి మళ్ళీ మూడుసార్లు కొలిచాం. మధ్య ఫలితం 9 గంటల 20 నిమిషాల దగ్గరే ఆగింది. ‘వాళ్ళది ఆరు గంటలే’ అని మొదలైన క్యాప్షన్, నిజంగా కొలిచేసరికి, పోటీదారుదే గంటకు పైగా ఎక్కువ అని తేలింది.

వాడిది నాసిరకం అని కాదు. 54 వాట్-అవర్లతో 8 గంటల 10 నిమిషాలు అంటే గంటకు 6.6 వాట్-అవర్లే ఖర్చు. ఉన్నదాన్ని పొదుపుగా వాడే యంత్రం అది. అయితే కొనేవాడు వాట్లను చూడడు, గంటలను చూస్తాడు. గంటల్లో అది వెనుకబడింది.

ఒక్క అక్షరం చేసే పని

మళ్ళీ భాష దగ్గరకు వస్తాను. మర్యాద అక్కర్లేదని నేను అనడం లేదు. తెలుగులో కించపరచడానికి తిట్టు అవసరం లేదు, ఒక్క ఏత్వం చాలు. “వారిది 8 జీబీ ర్యామ్” అంటే సమాచారం. “వారిది 8 జీబీ ర్యామే” అంటే తీర్పు. చివర్న ఆ చిన్న దీర్ఘం చేరగానే చదివేవాడు పెదవి విరుస్తాడు. ‘కేవలం’, ‘మాత్రమే’, ‘కూడా లేదు’ కూడా అదే పని చేస్తాయి. “కార్డు పెట్టుకునే స్లాట్ లేదు” అన్నది ఒక వాక్యం, “కార్డు పెట్టుకునే స్లాట్ కూడా లేదు” అన్నది ఇంకో వాక్యం. రెండో దానిలో ‘ఇంత చిన్న వసతికీ దిక్కు లేదు’ అన్న ఈసడింపు దాగి ఉంది.

ఇంకా సన్నని రకం ఒకటి ఉంది. ఎవరినీ ఏమీ అనకుండానే అందరినీ అనేయడం. “మేము పాత భాగాలు వేసి అమ్మం” అని రాస్తే, మిగతావాళ్ళు అలా అమ్ముతారని చదివేవాడే పూరించుకుంటాడు. “మామూలు ల్యాప్‌టాప్‌ల కన్నా రెండింతలు వేగం” అన్నదీ ఈ కోవలోదే. ఏ మామూలు ల్యాప్‌టాప్? ఏ పనిలో వేగం? పేరు చెప్పలేదు కాబట్టి ఎవరూ వచ్చి అడగరు. ఎవరూ అడగలేరు కాబట్టే ఎవరూ సరిచూడలేరు. పేరు చెప్పకపోవడం మర్యాద అని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం, పోటీ మోడల్ పూర్తి పేరు, ర్యామ్, తెర రకం చెప్పి నిజమైన అంకె వేయడమే ఎక్కువ మర్యాదగా తోస్తుంది. ఒకే పేరుతో వచ్చే ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు రకాల తెరలు, రెండు మూడు బ్యాటరీ పరిమాణాలు ఉండడం మామూలే. ఏ రకాన్ని కొలిచామో చెప్పకపోతే, వాళ్ళ అడుగు మెట్టు మోడల్‌ను మన పై మెట్టు మోడల్‌తో పోల్చినా ఎవరికీ తెలియదు.

చట్టాలు కూడా ఇక్కడ ఒకే గొంతుతో మాట్లాడవు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఇచ్చిన విధాన ప్రకటన, నిజమైనదీ మోసం లేనిదీ అయితే పోటీదారు పేరు చెప్పి పోల్చడాన్ని ప్రోత్సహిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2006 నాటి ఆదేశం పోల్చడానికి అనుమతిస్తూనే షరతులు పెడుతుంది. ఒకే అవసరాన్ని తీర్చే వస్తువులనే పోల్చాలి. పోల్చే లక్షణం ముఖ్యమైనదీ, సరిచూడదగినదీ అయ్యుండాలి. పోటీదారును కించపరచకూడదు. 2003లో యూరోపియన్ న్యాయస్థానం, కళ్ళద్దాల ధరల పోలికకు సంబంధించిన వివాదంలో, ధరలను పోల్చడమే కించపరచడం కాదని చెప్పింది. కొనేవాడి నిర్ణయాన్ని మార్చగలిగే చోట పోటీ వస్తువు బ్రాండు పేరును దాచడం తప్పుదారి పట్టించడం కావచ్చనీ చెప్పింది. ఆ రెండో మాట నాకు చాలా నచ్చింది. ‘పేరు చెప్పకపోతే గొడవ ఉండదు’ అనే అమ్మకందారులకు అది సూటిగా తగులుతుంది.

“వాళ్ళ సరుకును నేనెందుకు పొగడాలి?”

కొలతలన్నీ అయ్యాక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. “సరే, ఆరు గంటలన్నది తప్పు. తీసేస్తాను. బ్యాటరీ ఊసే ఎత్తను. మనది 1.29 కిలోలు, వాళ్ళది 1.62. బరువు ఒక్కటే రాస్తాను. అందులో అబద్ధం లేదుగా?”

లేదు. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు, చాలాసేపు ఆలోచించాను. అమ్మకందారు తన సరుకులోని మంచిని చెప్పుకోవడం తప్పు కాదు. ప్రతి క్యాప్షన్ సమీక్ష కానక్కర్లేదు. పోటీదారు మంచిని చెప్పడం పోటీదారు పని.

మొదట నాకు తోచిన జవాబు ఇది: బ్యాటరీ చిన్నది కాబట్టే బరువు తక్కువ, కాబట్టి ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం కారణాన్ని దాచడమే. లెక్క వేసి చూస్తే ఈ వాదం బలహీనంగా తేలింది. ల్యాప్‌టాప్ బ్యాటరీలు కిలోకు సుమారు 200 వాట్-అవర్లు పట్టుకుంటాయనుకుంటే, 16 వాట్-అవర్ల తేడా బరువులో దాదాపు 80 గ్రాములు. ఇద్దరి మధ్య తేడా 330 గ్రాములు. మిగతా 250 గ్రాములు పెట్టె లోహం నుంచి, తెర నుంచి, చల్లబరిచే ఫ్యాన్ల నుంచి వచ్చిన నిజమైన తేలిక. అది వాడి ల్యాప్‌టాప్ సంపాదించుకున్న మంచి పేరు. దాన్ని తగ్గించి చూపించే హక్కు నాకూ లేదు.

చివరికి నేను నిలబడ్డ జవాబు వేరు. బరువు ఒక్కటే రాస్తే తప్పు కాదు, కానీ పక్కన పోటీ ల్యాప్‌టాప్ బొమ్మ పెట్టకుండా రాయాలి. ‘మాది 1.29 కిలోలు’ అని తన గురించి తాను చెప్పుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టగానే ‘నీ బదులు నేను పోల్చి చూశాను’ అని కొనేవాడికి మాట ఇచ్చినట్టే. తేలికైన ల్యాప్‌టాప్ అనగానే ఎవరైనా అడిగే తర్వాతి ప్రశ్న ‘మరి ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది?’ అనే. ఆ జవాబు చేతిలో ఉండి, కొలిచి మరీ తెలుసుకుని, పోలిక పేరుతో దాన్ని మింగేయడం నాకు సబబుగా అనిపించలేదు. మొదటి రోజు, ఏమీ తెలియక ముందు, బరువు ఒక్కటే రాసి ఉంటే ఇంత పట్టింపు ఉండేది కాదేమో. తెలిశాక దాచడం వేరు.

“అమ్మకం పోతే?” అన్నాడు. కొన్ని పోవచ్చు. రోజంతా ప్లగ్‌కు దూరంగా పనిచేసేవాడు మా క్యాప్షన్ చదివి పోటీ ల్యాప్‌టాప్ కొనుక్కుంటాడు. అలాంటివాడికి మనది అమ్మితే, సాయంత్రం కాకముందే తెర ఆరిపోయిన రోజున వాడు తిరిగి వచ్చేది వాపసు కోసమే. ఈ మాట వాడికి వాపసు పెట్టెలను విప్పే మనిషిగా నాకన్నా బాగా తెలుసు. అయినా పూర్తిగా ఒప్పుకోలేదు. “కొందరు మొదటి వరుస చదివి వెళ్ళిపోతారు, వాళ్ళను కూడా పోగొట్టుకోను” అన్నాడు. అందుకే బరువును మొదటి వరుసలో పెట్టాం. అది న్యాయమే. తన బలాన్ని ముందు చెప్పుకోవడానికీ, ఎదుటివాడి బలాన్ని తుడిచేయడానికీ మధ్య కావలసినంత దూరం ఉంది.

ఆఖరుకు తయారైన క్యాప్షన్ ఇది. మోడల్ పేర్లు మాత్రం ఇక్కడ తీసేశాను:

“బరువు: మాది 1.29 కిలోలు, వారిది 1.62 కిలోలు. ఛార్జర్‌తో కలిపితే 1.61, 1.90.
బ్యాటరీ: మాది 8 గంటల 10 నిమిషాలు, వారిది 9 గంటల 20 నిమిషాలు.
రెండూ కొత్తవి. తెర వెలుగు 200 నిట్లు, వై-ఫైలో వెబ్ పేజీలు. మూడేసి సార్లు కొలిచాం.
రోజూ సంచిలో మోయాలంటే మాది తేలిక. ప్లగ్ దొరకని రోజులు ఎక్కువైతే వారిది ఎక్కువసేపు వస్తుంది.”

ఛార్జర్ వరుస వాడే చేర్చాడు. వాడి ఛార్జర్ పోటీదానికన్నా 40 గ్రాములు ఎక్కువని త్రాసు మీద పెట్టి చూసి, తేడా 330 నుంచి 290 గ్రాములకు తగ్గుతుందని తెలిసే చేర్చాడు. మోసేవాడు ఛార్జర్‌ను ఇంట్లో వదిలి వెళ్ళడు కదా అన్నాడు. నేను ఆ మాట అనాల్సింది, నాకు తట్టలేదు.

షరతుల వరుస క్యాప్షన్‌కు పొడుగైందని ఇప్పటికీ నాకు అనుమానమే. ఫోనులో చూస్తే అది మడతపడి ‘మరింత చదవండి’ కిందకు పోతుంది. దాన్ని బొమ్మ మీదే, అంకెల కింద, అంకెలంత కాకపోయినా చదవగలిగే సైజులో వేయించాం. బొమ్మలో వాడు మొదట పెట్టిన ఆకుపచ్చ టిక్కునూ ఎర్ర ఇంటూ గుర్తునూ తీయించాను. 1.62 కిలోలు తప్పు కాదు, దాని మీద ఎర్ర ఇంటూ ఎందుకు?

ఒక లోపం మాత్రం తర్వాత బయటపడింది. కొలిచిన నెల వేయడం మరిచాం. క్యాప్షన్ పెట్టిన కొన్ని వారాలకు పోటీ ల్యాప్‌టాప్‌కు బయాస్ అప్‌డేట్ వచ్చింది. అలాంటి అప్‌డేట్‌తో ఫ్యాన్ల తీరూ కరెంటు ఖర్చూ మారవచ్చు, గంటలు పెరగవచ్చు, తగ్గవచ్చు. మిత్రుడు ఆ క్యాప్షన్‌ను ప్రస్తుతానికి దించేశాడు. పోటీ యంత్రాన్ని మళ్ళీ అడిగి తెచ్చాడు. ఈ వారాంతంలో మళ్ళీ 200 నిట్ల దగ్గర నిలిపి, మూడుసార్లు కొలవాలి.